గేటు దగ్గర నొక్కితే ఆవిడ ఫోను ఎందుకు మోగలేదు?

హైదరాబాద్‌లో ఒక పెద్ద అపార్టుమెంటు అనుకుందాం. గేటు దగ్గరకి కొరియర్ అబ్బాయో, ఊరి నుంచి చుట్టమో వస్తే వాచ్‌మన్ తన ఫోన్లో ఫ్లాటు నంబరు నొక్కుతాడు. ఆ ఫ్లాటువాళ్ల ఫోన్లు మోగి, లోపలికి పంపాలా వద్దా అని అడుగుతాయి. ఒక ఫ్లాటులో భార్యాభర్తలిద్దరికీ వేర్వేరు లాగిన్లు ఉన్నాయి. ఆవిడకి ఫోనుతోపాటు వంటింట్లో ఒక ట్యాబ్లెట్ కూడా ఉంది, రెండింట్లోనూ ఆవిడ లాగినే. ఒకరోజు ఫోన్లో యాప్ తెరుచుకోకుండా మొరాయించింది. కస్టమర్ కేర్‌కి చెబితే, "ఒకసారి తీసేసి మళ్లీ వేసుకోండి మేడమ్" అన్నారు. సాయంత్రం నాలుగింటికి ఆవిడ అలాగే చేసింది. యాప్ చక్కగా తెరుచుకుంది. అయిదింటికి పార్సిల్ వస్తే ఫోను మోగింది కూడా. ఆరు దాటాక మాత్రం ఒక్క నోటిఫికేషన్ రాలేదు. మర్నాడూ లేదు, వారం గడిచినా లేదు. భర్త ఫోను మాత్రం ఎప్పటిలాగే మోగుతోంది.

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు చాలామంది చూసేది ఫోను వైపు. అది తప్పేమీ కాదు, మొదట చూడవలసింది అదే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్తగా వేసుకున్న యాప్‌కి నోటిఫికేషన్ల అనుమతి మొదట ఉండదు. యాప్ అడగాలి, మనం ఒప్పుకోవాలి. యాప్‌ని తీసేస్తే పాత అనుమతి కూడా దాంతోపాటే పోతుంది. మళ్లీ వేసుకున్నప్పుడు వచ్చిన ప్రశ్నకి కంగారులో "వద్దు" నొక్కినవాళ్లకి నోటిఫికేషన్లు రాకపోవడంలో వింతేమీ లేదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి, నోటిఫికేషన్ల మీట వేసి ఉందో లేదో చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

మన ఉదాహరణలో ఆ అనుమానానికి చోటు లేదు. అయిదింటికి ఫోను మోగింది కాబట్టి అనుమతి ఉన్నట్టే. అంతకన్నా బలమైన ఆధారం మరొకటి ఉంది. వంటింట్లో ట్యాబ్లెట్‌ని ఎవరూ ముట్టుకోలేదు. అందులో యాప్ తీయలేదు, వేయలేదు. అయినా అది కూడా అదే సాయంత్రం ఆరు నుంచి మూగబోయింది. ఒకే మనిషివి రెండు పరికరాలు ఒకే గంటలో ఆగిపోయాయంటే, వెతకవలసింది ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట. ఆ చోటు సర్వర్.

గేటు దగ్గర నొక్కిన మీట ఫోను దాకా ఎలా వస్తుందో తెలిస్తే తప్ప మిగతా కథ అర్థం కాదు. యాప్ కంపెనీ సర్వర్‌కి మన ఫోనుతో నేరుగా సంబంధం ఉండదు. ప్రతి యాప్ తన సర్వర్‌తో ఎల్లవేళలా ఒక లైను తెరిచి పెట్టుకుంటే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. అందుకని ఫోనంతటికీ కలిపి ఒకే లైను ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అది గూగుల్‌తో, ఐఫోన్లలో యాపిల్‌తో. యాపిల్ ఈ సేవని 2009లో మొదలుపెట్టింది. గూగుల్ సేవ కొన్ని పేర్లు మారి, 2016 నుంచి ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్‌గా, పొట్టిగా ఎఫ్‌సీఎమ్‌గా నడుస్తోంది. అపార్టుమెంటు యాప్ సర్వర్ తన సందేశాన్ని ఎఫ్‌సీఎమ్ చేతిలో పెడుతుంది. ఎఫ్‌సీఎమ్ దాన్ని ఫోనుకి చేరుస్తుంది.

ఏ ఫోనుకి చేర్చాలో చెప్పేదే టోకెన్. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి తీగ అది. యాప్ వేసుకోగానే ఎఫ్‌సీఎమ్ దాన్ని తయారుచేసి యాప్‌కి ఇస్తుంది. యాప్ దాన్ని తన సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ తన పట్టికలో ఫలానా మనిషికి ఫలానా టోకెన్ అని రాసుకుంటుంది. ఇందులో జనం పొరబడే చోటు ఒకటుంది. టోకెన్ మనిషిది కాదు, ఫోన్ నంబరుకి చెందింది కాదు, ఆ మాటకొస్తే ఫోనుది కూడా కాదు. ఆ ఫోన్లో ఆ ఒక్కసారి వేసుకున్న ఆ యాప్‌ది. యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే ఫోను అదే, మనిషి అదే, టోకెన్ మాత్రం కొత్తది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాప్ డేటా తుడిచేసినా కొత్త టోకెనే వస్తుంది. అద్దె ఇల్లు మారినట్టే ఇది: ఊరూ మనుషులూ వాళ్లే, పాత తలుపు నంబరుకి రాసిన ఉత్తరం మాత్రం చేరదు.

యాప్‌ని తీసేసేటప్పుడు, "నేను పోతున్నాను" అని తన సర్వర్‌కి చెప్పుకునే అవకాశం యాప్‌కి ఉండదు. తనను తొలగించే క్షణంలో తన కోడ్ నడవదు. అందుచేత పాత టోకెన్ చచ్చిపోయిందన్న సంగతి సర్వర్‌కి మామూలుగా తెలిసేది, తర్వాతెప్పుడో ఆ టోకెన్‌కి సందేశం పంపబోయినప్పుడే. అప్పుడు ఎఫ్‌సీఎమ్ 404 అంకెతో, `UNREGISTERED` అన్న మాటతో దాన్ని తిప్పికొడుతుంది. కొత్త టోకెన్ వార్త యాప్ నుంచి ఒక దారిలో వస్తుంది. పాత టోకెన్ చావు వార్త ఎఫ్‌సీఎమ్ నుంచి మరో దారిలో, మరో సమయంలో వస్తుంది. ఈ రెండు వార్తల్లో ఏది ముందొస్తుందో ఎవరూ చెప్పలేరు. నేను చూసినంతలో ఈ తరహా లోపాలకి వేరు ఇక్కడే ఉంటుంది. రాసినవాళ్లు ఏదో ఒక వరసనే మనసులో పెట్టుకుని కోడ్ రాసేస్తారు.

ఇక సర్వర్ పట్టిక తెరవాలి. ఆవిడ పేరు మీద అందులో మూడు రకాలుగా కనిపించవచ్చు. పాత టోకెనే ఇంకా ఉండవచ్చు, అసలు వరుసే లేకపోవచ్చు, కొత్త టోకెన్ భేషుగ్గా ఉండవచ్చు. ఒక్కోటి ఒక్కో రోగానికి గుర్తు. పోల్చడానికి టోకెన్ మొత్తం అక్కర్లేదు. చివరి ఆరు అక్షరాలు ఫోన్లోని సహాయం పేజీలో కనిపించేలా, సర్వర్ లాగ్‌లో నమోదయ్యేలా చేసుకుంటే చాలు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అరనిమిషంలో తెలిసిపోతుంది. ఫైర్‌బేస్ కన్సోల్ నుంచి ఫోన్లో ఉన్న టోకెన్‌కే నేరుగా ఒక పరీక్ష సందేశం పంపడం కూడా మంచి పద్ధతి. అది వచ్చిందంటే ఫోను, ఎఫ్‌సీఎమ్, అనుమతి అన్నీ బాగున్నట్టు. అప్పుడు సర్వర్ దగ్గరున్న సమాచారమే తప్పన్నమాట.

మూడింట్లో ఎక్కువగా ఎదురయ్యేది మొదటిది, పాత టోకెన్ అలాగే ఉండిపోవడం. చాలా యాప్‌లు ఫోనుని గుర్తుపట్టడానికి ఆండ్రాయిడ్ ఇచ్చే `ANDROID_ID` వాడతాయి. ఒక యాప్‌కి సంబంధించి ఆ గుర్తింపు యాప్ తీసి మళ్లీ వేసినా మామూలుగా మారదు. టోకెన్ మారుతుంది, గుర్తింపు మారదు. పట్టికలో ఒక ఫోనుకి ఒకే వరుస ఉండాలన్న నియమం పెట్టి, ఎవరో ఎప్పుడో ఇలా రాసి ఉంటారు.

```sql
INSERT INTO push_tokens (user_id, device_id, token)
VALUES (412, 'a91f', 'NEW')
ON CONFLICT (device_id) DO NOTHING;
```

"ఈ ఫోను ముందే ఉంది, ఏమీ చేయకు" అని దీని అర్థం. మొదటిసారి వేసుకున్నవాళ్లందరికీ ఇది చక్కగా పనిచేస్తుంది. మళ్లీ వేసుకున్నవాళ్ల కొత్త టోకెన్ ఇక్కడ నిశ్శబ్దంగా చెత్తబుట్టలో పడుతుంది. సర్వర్ యాప్‌కి "అంతా బాగుంది" అనే జవాబిస్తుంది. ఎక్కడా ఎర్ర గీత కనపడదు. పరీక్షించేవాళ్లు ఎప్పుడూ కొత్త లాగిన్‌తో కొత్త ఎమ్యులేటర్ మీద చూస్తారు కాబట్టి వాళ్లకీ చిక్కదు. `DO NOTHING` తీసి, టోకెన్‌ని, యజమానిని, తేదీని మూడింటినీ తాజా చేసే `DO UPDATE` పెట్టాలి. యజమానిని కూడా అని చెప్పడానికి కారణం ఉంది. ఆ ఫోను రేపు అమ్మాయికి ఇస్తే, ఆ అమ్మాయి తన లాగిన్‌తో వస్తుంది. యజమాని మారకపోతే తల్లికి రావలసిన సందేశాలు కూతురి చేతిలో ఉన్న తెర మీద పడతాయి. నోటిఫికేషన్ రాకపోవడం కంటే అది పెద్ద తప్పు.

మన ఉదాహరణలోని రోగం ఇది కాదు. ఇదే అయితే అయిదింటికి ఫోను మోగేది కాదు, ట్యాబ్లెట్ ఆగేది కాదు. ఆవిడ పేరుతో పట్టికలో వెతికితే ఒక్క వరుస కూడా దొరకలేదు. ఫోను వరుస లేదు, ట్యాబ్లెట్ వరుస లేదు. ఎవరో తుడిచేశారు.

ఆ రోజు జరిగింది గంటల వారీగా చూద్దాం. మధ్యాహ్నం రెండింటికి అసోసియేషన్ కార్యదర్శి ఒక నోటీసు రాశాడు: రేపు ట్యాంకు శుభ్రం చేస్తారు, పొద్దున నీళ్లు రావు. సాయంత్రం ఆరింటికి అందరికీ వెళ్లేలా సమయం పెట్టాడు. సర్వర్ అప్పుడే అందరి టోకెన్లూ పట్టికలోంచి తీసి, నోటీసుతోపాటు క్యూలో పెట్టేసింది. ఆ జాబితాలో ఆవిడ ఫోను పాత టోకెన్ ఉంది. నాలుగింటికి ఆవిడ యాప్ తీసి మళ్లీ వేసింది. కొత్త టోకెన్ వచ్చింది, సర్వర్ దాన్ని సరిగ్గానే రాసుకుంది. అయిదింటికి పార్సిల్ నోటిఫికేషన్ కొత్త టోకెన్‌కి వెళ్లి మోగింది. ఆరింటికి క్యూ కదిలింది. రెండింటికి పెట్టుకున్న జాబితా ప్రకారం పాత టోకెన్‌కి నోటీసు పంపింది. ఎఫ్‌సీఎమ్ `UNREGISTERED` అని తిప్పికొట్టింది. అది సరైన జవాబే. దాన్ని అందుకున్న సర్వర్ చనిపోయిన టోకెన్లు పట్టికలో పేరుకోకూడదని ఇలా చేసింది.

```sql
DELETE FROM push_tokens WHERE user_id = 412;
```

రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. చనిపోయిన టోకెన్లని తీసేయమని గూగుల్ కూడా చెబుతుంది. ఎఫ్‌సీఎమ్ చెప్పింది మాత్రం, "ఈ టోకెన్ ఇక లేదు" అన్న ఒక్క ముక్క. సర్వర్ దాన్ని, "ఈ మనిషికి ఇక ఫోను లేదు" అని అర్థం చేసుకుంది. నాలుగింటికి వచ్చిన కొత్త టోకెన్ పోయింది, ఏ పాపం ఎరగని ట్యాబ్లెట్ టోకెన్ కూడా పోయింది. ఆ రోజు రెండుకీ ఆరుకీ మధ్య యాప్ మళ్లీ వేసుకున్నది అపార్టుమెంటు మొత్తంలో ఆవిడ ఒక్కతే. అందుకే ఆవిడ ఒక్కతికే ఆగింది. రెండుకి ముందో ఆరు దాటాకో వేసుకుని ఉంటే ఎవరికీ ఏమీ కాకపోను. అందుకే ఇలాంటి లోపం ఇంజనీర్ల బల్ల మీద మళ్లీ పుట్టదు. "మా దగ్గర బాగానే వస్తోంది మేడమ్" అన్న జవాబు వాళ్లు అబద్ధమాడి చెప్పింది కాదు.

దిద్దుబాటు ఒక్క వరుస. తుడిచేటప్పుడు మనిషిని కాకుండా, జవాబు ఏ టోకెన్ గురించి వచ్చిందో ఆ టోకెన్‌నే పట్టుకోవాలి.

```sql
DELETE FROM push_tokens WHERE token = 'OLD';
```

అప్పుడు పాత టోకెన్ వార్త ఎంత ఆలస్యంగా వచ్చినా కొత్తదాన్ని ముట్టుకోదు. రెండు వార్తలు ఏ వరసలో వచ్చినా పట్టిక ఒకే స్థితికి చేరుతుంది. క్యూలో టోకెన్లు కాకుండా మనుషుల నంబర్లు పెట్టి, పంపే క్షణంలో టోకెన్ వెతుక్కుంటే ఇంకా మేలు. అప్పుడు ఆవిడకి నీళ్ల నోటీసు కూడా చేరి ఉండేది.

ఐఫోన్ల వైపు యాపిల్ ఈ చిక్కుని ముందే ఊహించినట్టుంది. అక్కడ చనిపోయిన టోకెన్‌కి 410 అంకె వస్తుంది, దాంతోపాటు ఒక సమయం కూడా వస్తుంది. ఆ టోకెన్ పనిచేయడం లేదని యాపిల్ నిర్ధారించుకున్న సమయం అది. ఆ తర్వాత అదే టోకెన్‌ని యాప్ మళ్లీ నమోదు చేసి ఉంటే దాన్ని తీయనక్కర్లేదు. ఎఫ్‌సీఎమ్ 404తో అలాంటి సమయం రాదు కాబట్టి, ఆండ్రాయిడ్ వైపు టోకెన్‌ని అక్షరం అక్షరం పోల్చడమే ఆధారం. ఏ తప్పు జవాబుకి తుడవాలో కూడా కచ్చితంగా ఉండాలి. ఎఫ్‌సీఎమ్ 400 ఇచ్చిందంటే టోకెన్ రూపమే తప్పు కావచ్చు, లేదా మనం పంపిన సందేశంలోనే ఏదో లోపం ఉండవచ్చు. 400 రాగానే తుడిచే సర్వర్, తప్పుగా తయారైన ఒక్క సందేశంతో మంచి టోకెన్లన్నీ పోగొట్టుకుంటుంది. 503 అయితే ఎఫ్‌సీఎమ్ తాత్కాలికంగా అందుబాటులో లేదని మాత్రమే. కాసేపాగి మళ్లీ పంపాలి, తుడిచే పని లేదు.

ఇంకొక ప్రశ్న మిగిలింది. వారం రోజులు ఆవిడ యాప్ రోజూ తెరుస్తూనే ఉంది. టోకెన్ ఫోన్లో భద్రంగా ఉంది. మరి సర్వర్‌కి మళ్లీ ఎందుకు చేరలేదు? ఆండ్రాయిడ్‌లో టోకెన్ కొత్తగా వచ్చినప్పుడు, మారినప్పుడు యాప్‌లోని `onNewToken` అనే భాగం నడుస్తుంది. చాలా యాప్‌లు టోకెన్‌ని సర్వర్‌కి పంపేది అక్కడ మాత్రమే. ఆవిడ టోకెన్ నాలుగింటి తర్వాత మారలేదు, కాబట్టి అది మళ్లీ నడవలేదు. ఫోను దృష్టిలో అంతా బాగుంది, తన టోకెన్ ఎప్పుడో చెప్పేసింది. సర్వర్ దృష్టిలో ఆవిడకి పరికరమే లేదు. ఇద్దరిలో ఎవరికీ రెండోవాళ్లని అడగాలన్న ఆలోచన లేదు. నా దృష్టిలో అసలైన తప్పు ఇదే. వరుస తుడిచివేయడం ప్రమాదం. దాని నుంచి తనంతట తాను కోలుకునే దారి లేకపోవడం మాత్రం కట్టడంలోనే ఉన్న లోపం. యాప్ తెరిచిన ప్రతిసారీ, లేదా కనీసం నెలకోసారి, టోకెన్‌ని తేదీతో సహా సర్వర్‌కి మళ్లీ చెప్పాలి. అలా ఉంటే మర్నాడు పొద్దున ఆవిడ యాప్ తెరవగానే ఫోను వరుస, తెరిచిన వెంటనే ట్యాబ్లెట్ వరుస తిరిగి వచ్చేవి.

మళ్లీ పంపేటప్పుడు దారిలో పడే గొయ్యి ఒకటుంది. "పంపేశాను" అని యాప్ తన ఫోన్లోనే ఒక గుర్తు రాసుకుని, ఆ గుర్తు ఉంటే ఇక పంపడం మానేస్తుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్‌ల సెట్టింగులని గూగుల్ ఖాతాలో దాచి, యాప్ మళ్లీ వేసుకున్నప్పుడు తిరిగి పెట్టే సదుపాయం ఉంది. యాప్ తయారీదారులు వద్దని చెప్పకపోతే అది పనిచేస్తూనే ఉంటుంది. యాప్ కొత్తగా వచ్చింది, టోకెన్ కొత్తది, "పంపేశాను" అన్న గుర్తు మాత్రం పాత జీవితం నుంచి తిరిగొచ్చింది. ఆ గుర్తుని నమ్మి యాప్ కొత్త టోకెన్‌ని పంపదు. కాబట్టి గుర్తు పెట్టుకోవాలంటే అవును, కాదు అని కాకుండా, ఏ టోకెన్‌ని పంపామో ఆ టోకెన్‌నే రాసుకుని ఇప్పుడున్నదానితో పోల్చాలి. లాగిన్ కాకముందే `onNewToken` నడిచి, "నువ్వెవరో తెలియదు" అని సర్వర్ 401తో తిప్పి పంపే సందర్భమూ ఇలాంటిదే. లాగిన్ అయ్యాక మళ్లీ పంపే ఏర్పాటు లేకపోతే ఆ టోకెన్ అక్కడితో ఆగిపోతుంది.

ఫిర్యాదు చేసే మనిషి ఇవన్నీ తెలుసుకోనక్కర్లేదు. ఆవిడ చెప్పగలిగినవి నాలుగు ముక్కలే: ఎప్పుడు తీసి వేసుకున్నాను, ఆఖరిసారి ఎప్పుడు మోగింది, అనుమతి వేసే ఉంది, నా లాగిన్‌తో ఉన్న రెండో పరికరం మోగుతోందా లేదా. వినేవాళ్లు రాసుకుంటే వెతికే పని సగం తగ్గించే వివరాలు ఇవి. "మళ్లీ తీసి వేయండి" అన్న సలహా కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా, కొత్త టోకెన్ పుట్టి ఫోను వరుస తిరిగి వస్తుంది కాబట్టి. ట్యాబ్లెట్ మాత్రం మూగగానే ఉంటుంది. `DO NOTHING` ఉన్న సర్వర్ దగ్గరైతే ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. పనిచేసిన చోట కూడా అసలు తప్పుకి సంబంధించిన ఆనవాళ్లు దాంతో చెరిగిపోతాయి. అందుకని ఆ సలహా ఇచ్చే ముందు పట్టికని ఒకసారి చూసి రాసుకోవడం కస్టమర్ కేర్ అలవాటు చేసుకోవలసిన పని.

సర్వర్ సరిచేశాక, అడగకుండా ఊరుకున్నవాళ్లని కూడా వెతకాలి. నోటిఫికేషన్ రాలేదని ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ, రావలసింది రాలేదని తెలిస్తే కదా చేసేది. ఈ నెలలో యాప్ తెరిచినట్టు లాగ్‌లో కనిపిస్తూ, టోకెన్ పట్టికలో ఒక్క వరుస కూడా లేనివాళ్ల జాబితా తీస్తే చాలు. అందులో కొందరు కావాలనే నోటిఫికేషన్లు ఆపేసుకున్నవాళ్లు కావచ్చు, యాప్ అనుమతి స్థితిని కూడా సర్వర్‌కి చెబుతుంటే వాళ్లని వేరు చేయవచ్చు. మిగిలినవాళ్లు ఈ లోపం బారిన పడినవాళ్లే. యాప్ కొత్త వెర్షన్ వేసుకుని తెరిచినవాళ్ల వరుసలు వాటంతటవే తిరిగి వస్తాయి. తెరవనివాళ్లకి నోటిఫికేషన్ పంపి లాభం లేదు, అది వాళ్లకి చేరదు కాబట్టి. వాళ్లకి ఎస్ఎంఎస్ పంపాలి.